నానీ తుంచిన పేరు, దఫ్తర్ కోసిన పేరు

ఈ మధ్య అఖీఖా దావత్‌లకు వెళితే ఒక నసీహత్ తప్పకుండా వినిపిస్తోంది. "ఇంత మంచి పేరు పెట్టారు కదా, ఇక పూర్తిగానే పిలవండి. సలీమ్‌ని సల్లూ అని, షబానాని షబ్బూ అని బిగాడొద్దు. పేరు బిగాడడం గునాహ్." చెప్పేవాళ్ల నీయత్ మంచిదే. సూరా హుజురాత్ 11వ ఆయత్‌లో ఒకరినొకరు చెడ్డ లఖబ్‌లతో పిలుచుకోవద్దన్న హుకుమ్ ఉంది, అది అందరికీ తెలిసిందే. కానీ ఆ ఆయత్ మాట్లాడేది ఎగతాళి గురించి, ఎదుటివాణ్ని కించపరిచే పేర్ల గురించి. దాన్ని తెచ్చి, మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని "సల్లూ" అనే నానీ నోటికి అడ్డం పెట్టడం నాకు సబబుగా తోచదు.

నా ఫిర్యాదు ఇంకోటి. మన పేర్లు నిజంగా బిగడేది ఇంట్లో కాదు, కాగితం మీద. నానీ తుంచే తీరుకు ఒక ఉసూల్ ఉంది, దఫ్తర్ కోసే తీరుకు అది లేదు. ఈ మాట ఊరికే అనడం లేదు, పేర్లనే తీసుకుని లెక్క చూద్దాం.

సలీమ్‌తో మొదలుపెడదాం. ఈ పేరులో రెండు ముక్కలున్నాయి: స, లీమ్. మొదటిది తేలిక, రెండోది బరువు. తెలుగు బళ్లో ఛందస్సు చదివినవాళ్లకు ఇది లఘువు, గురువు అని వెంటనే అర్థమవుతుంది. ఇప్పుడు దీన్ని చిన్నది చెయ్యాలి. తేలిగ్గా తోచే దారి బరువున్న ముక్కను ఉంచుకోవడం, అంటే "లీమ్" అనో "లీమూ" అనో పిలవడం. అలా పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఇంకో దారి మొదటి ముక్కను మాత్రం ఉంచుకోవడం. "స" అంటే పేరు కాదు, పిలిచినట్టే ఉండదు. మరి నోరు ఏం చేస్తుంది? మొదటి ముక్క "స" తీసుకుంటుంది, పక్క ముక్కలోంచి "ల్"ని లాక్కొచ్చి దానికి తగిలిస్తుంది. "సల్" అవుతుంది. ఇప్పుడు తేలిక ముక్క బరువెక్కింది. చివర ఒక "ఊ" చేర్చాలి, కానీ ఆ "ఊ" ఒంటరిగా నిలబడితే బాగుండదు, దాని ముందు ఒక హల్లు కావాలి. అందుకని అదే "ల్"ని ఇంకోసారి వాడుకుంటుంది. సల్, లూ. సల్లూ.

చూడండి, సలీమ్‌లో తేలిక ముందు, బరువు వెనక. సల్లూలో మొదటి ముక్క బరువెక్కి కూర్చుంది. ఉర్దూ అరూజ్ తెలిసినవాళ్ల లెక్కలో సలీమ్ "ఫఊల్" వజన్, సల్లూ "ఫేలున్" వజన్. రఫీఖ్ రఫ్ఫూ, జలీల్ జల్లూ, బషీర్ బష్షూ, నసీర్ నస్సూ, అన్నీ ఇదే దారి. ఈ పేర్లన్నీ అరబీలో ఒకే అచ్చులో పోసినవి కాబట్టి, తుంచితే వచ్చేవి కూడా ఒకే అచ్చులో వస్తున్నాయి. సల్మాన్ ఖాన్‌ని దేశమంతా సల్లూ అంటుంది. సలీమ్, సల్మాన్ రెండూ వేర్వేరు పేర్లు, తుంచాక ఒకటే. అంటే తుంచినప్పుడు పోయేది పేరు తోక, దొరికేది ఒక ఖాళీ అచ్చు. ఆ అచ్చులో పేరు మొదట్లోని రెండు హల్లులు మాత్రం పడతాయి.

మన హైదరాబాద్ బిడ్డ, నటి టబూ అసలు పేరు తబస్సుమ్ ఫాతిమా హాష్మీ. తబస్సుమ్‌లో బరువైన ముక్క "బస్", మధ్యలో ఉంది. అయినా నోరు దాని జోలికి పోలేదు. "త" తీసుకుని, "బ్" లాక్కుని, తబ్బూ చేసింది. హిందీలో ఈనాటికీ ఆమె పేరు "తబ్బూ" అనే రాస్తారు. 1991లో వెంకటేశ్‌తో "కూలీ నం.1" చేసి తెలుగుకి వచ్చినప్పుడు మన పత్రికలు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు చూసి టబు అని రాశాయి. త కాస్తా ట అయింది, జంట బ ఒంటరి బ అయింది. నోటి కోతకు, కాగితం కోతకు ఉన్న తేడా అప్పుడే కొంచెం కనిపిస్తోంది కదా.

ఇది మన ఒక్కరి అలవాటే అనుకుంటే పొరపాటు. పక్కింటి సుబ్రహ్మణ్యం సుబ్బు, పద్మావతి పద్దు, విజయ విజ్జి, సుజాత సుజ్జి. అదే అచ్చు. మరి శ్రీనివాసులు శీను ఎందుకయ్యాడు, శిన్ను ఎందుకు కాలేదు? రాము, వాసు, గోపి ఎందుకలా ఉన్నాయి? ఇక్కడ మొదటి ముక్కలో దీర్ఘం ఉంది, దానితోనే బరువు వచ్చేసింది. హల్లును జంట చెయ్యాల్సిన అవసరం లేదు. ఛందస్సులో దీర్ఘాక్షరమూ గురువే, జంట హల్లుకు ముందున్న అక్షరమూ గురువే. నోటికి కావలసింది గురువు, అది ఏ దారిన వచ్చినా సరే.

ఈ లెక్క ఎంత లోతుగా పాతుకుపోయిందో చూడాలంటే పేర్లు పక్కన పెట్టి బజారుకు వెళ్లండి. ఇంగ్లీషు నుంచి వచ్చిన పొట్టి మాటలు తెలుగులో ఏమయ్యాయి? బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘం ఉన్నవి? కారు, రైలు. "బసు" అని ఎవరూ అనరు, "కార్రు" అని కూడా అనరు. బస్సుకూ సల్లూకూ ఒకటే కొలత, కారుకూ రామూకూ ఒకటే కొలత.

ఇళ్లలో చుట్టరికాలు కూడా ఈ అచ్చులోవే. అమ్మీ, అబ్బా, అప్పా, ఫుప్పూ అన్నీ జంట హల్లువి. నానీ, దాదీ, ఖాలా దీర్ఘంవి. చాచా అన్న మాటలో దీర్ఘం ఉండగానే హైదరాబాద్ దక్నీ దాన్ని చిచ్చా చేసుకుంది, దీర్ఘం తీసేసి జంట పెట్టుకుంది, బరువు మాత్రం వదల్లేదు. పసిపిల్ల మొదట పలికే మాటలు ఈ కొలతలో ఉంటాయి. ప్యార్ కా నామ్ కూడా అదే కొలతలో ఉండడం వింత కాదు. సల్లూ అన్నప్పుడు ఆ పిల్లవాణ్ని అమ్మీ, అబ్బా పక్కన, ఇంటివాళ్ల వరసలో కూర్చోబెడుతున్నాం. పూర్తి పేరు బయటివాళ్ల కోసం.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఉర్దూలో మాట చివర పొట్టి అచ్చు నిలవదు, అందుకే సల్లూ, రఫ్ఫూ అని సాగదీస్తాం. తెలుగులో మాట చివర పొట్టి "ఉ" అంటే మహా ఇష్టం, అందుకే సుబ్బు, పద్దు. మన పిల్లలు ఇంట్లో సల్లూ, బళ్లో సల్లు. ఆ చిన్న తేడాతో ఒక తంటా ఉంది. "గురువు, ఆ తర్వాత పొట్టి ఉ" అన్నది తెలుగులో మామూలు మాటల అచ్చు కూడా. అందుకే మన ప్యార్ కా నామ్‌లు తెలుగు మాటలకు గుద్దుకుంటాయి. సబీహా సబ్బూ అయితే బళ్లో అది ఒంటికి రుద్దుకునే సబ్బు. ముఖ్తార్ ముక్కూ అయితే ఇక చెప్పనక్కర్లేదు. కుల్సుమ్‌ని కుల్లూ అంటే తెలుగు చెవికి కుళ్లు వినిపిస్తుంది. అఫ్జల్ అఫ్ఫూ అయితే, పల్లెలో ఫ పలకని నోళ్లు దాన్ని అప్పు చేస్తాయి, పాపం పుట్టుకతోనే బాకీదారు. సూరా హుజురాత్ మాట ఇక్కడ వర్తిస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. నానీ అన్నది మొహబ్బత్‌తోనే, కానీ క్లాసులో నలభై మంది అదే మాటను ఎగతాళిగా అంటారు. పిల్ల పేరు పెట్టేముందు పెద్దవాళ్లు మానీ చూస్తారు, సహాబియాత్ పేర్లు వెతుకుతారు. రెండు నిమిషాలు కూర్చుని "ఇది తుంచితే ఏమవుతుంది, తెలుగులో దానికి అర్థమేమిటి" అని కూడా చూస్తే పోయేదేమీ లేదు. మొదటి అచ్చు, ఆ తర్వాతి హల్లు జంటగా, చివర ఉ. అంతే లెక్క.

తుంచడం అంటే చిన్నది చెయ్యడమే అనుకుంటాం. కానీ నూర్ అన్న పేరు చూడండి. ఒకే ముక్క, ఇంతకంటే పొట్టిగా ఏముంటుంది? అయినా ఇంట్లో నూరీ అంటారు, నూరూ అంటారు. జైద్ జైదూ అవుతాడు. ఇక్కడ పేరు పెరిగింది, తరగలేదు. నోటికి కావలసింది పొట్టి పేరు కాదు, రెండు ముక్కల పేరు, మొదటిది బరువుగా. పొడుగైతే కోస్తుంది, పొట్టిదైతే అతుకుతుంది. అలీ అన్న పేరులో మొదటి ముక్క తేలిక. చాలామంది తెలుగువాళ్లు దాన్ని ఆలీ అని దీర్ఘం తీస్తారు, రాస్తారు కూడా. "ఆలి అంటే పెళ్లాం కదా" అని మనవాళ్లు నవ్వుకుంటారు, కానీ ఆ దీర్ఘం వెనకున్నది కూడా ఈ కొలతే.

గుంటూరు, ప్రకాశం, నెల్లూరు వైపు పల్లెల్లో మహబూబ్ మాబు అవుతాడు. మహబూబ్ సుభానీ మాబు సుభాని. ఇది నాకు చాలా నచ్చే కోత. మధ్యలో ఉన్న "హ" జారిపోయింది. అది ఊరికే పోలేదు, తన జాగా ముందున్న "మ"కి ఇచ్చి పోయింది. మహ మా అయింది. బరువు మిగిలింది. ఉర్దూ ఎక్కువ మాట్లాడే ఇంట్లో జంట హల్లుతో చేసే పనిని తెలుగు పల్లె దీర్ఘంతో చేసింది. ఇర్ఫాన్ ఇఫ్ఫూ అయిన చోట "ర" కూడా అలాగే జారిపోయి తన జాగా "ఫ"కి ఇస్తుంది. ర, హ లాంటి మెత్తని హల్లులు ఈ కోతలో నిలవడం తక్కువ. అజ్హర్ అజ్జూ అయింది అందుకే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. బద్రుద్దీన్‌ని ఇంట్లో ఏమంటాం? బద్రూ. షమ్సుద్దీన్ షమ్సూ, ఫఖ్రుద్దీన్ ఫఖ్రూ, నజ్ముద్దీన్ నజ్మూ. ఆడపిల్లల్లో మెహ్రున్నిసా మెహ్రూ, ఖైరున్నిసా ఖైరూ. వీటిలో జంట చెయ్యలేదు, ఏదీ అతకలేదు. బద్ అన్న ముక్క పుట్టుకతోనే బరువైనది, దాని తర్వాత రూ వచ్చింది, అచ్చు నిండింది, నానీ అక్కడ ఆగిపోయింది. మిగిలిన "ద్దీన్"ని వదిలేసింది.

ఆమె ఆగిన చోటు ఎలాంటిదో అరబీ నహ్వ్ చదివినవాళ్లను అడగండి. బద్ర్ అంటే నిండు చంద్రుడు. దాని చివరి "ఉ" బద్ర్ అన్న మాటదే, అది దాని ఏరాబ్. తర్వాత "అల్ దీన్" వస్తుంది. దీన్‌లోని ద ముందున్న లామ్‌ని తనలో కలిపేసుకుంటుంది కాబట్టి "ద్దీన్" అని వినిపిస్తుంది. అంటే పేరుకు అసలైన కీలు "బద్రు" తర్వాత, "ద్దీన్" ముందు. అలిఫ్, బే కూడా రాని నానీ సరిగ్గా ఆ కీలు దగ్గరే విరిచింది.

దఫ్తర్ ఏం చేసింది? ఫారంలో రెండు గళ్లున్నాయి, ఒకటి పేరుకు, ఒకటి ఇంటిపేరుకు. గుమాస్తా బద్రుద్దీన్‌ని రెండు ముక్కలు చేసి "బద్ర్" ఒక గడిలో, "ఉద్దీన్" ఇంకో గడిలో వేశాడు. విదేశాల్లో ఉద్దీన్ అన్నది ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. కలీముల్లాలోంచి "ఉల్లా" కూడా అలాగే విడిపోయి ఇంటిపేరైంది. ఉద్దీన్ అనే మాట అరబీలో లేదు, ఉల్లా కూడా లేదు. మొదటి మాట తోకను తెచ్చి రెండో మాటకు తలగా అతికించారు. నానీ చేసినది తుంచడం, ఇది నరకడం.

అబ్దుల్ సంగతి ఇంకా ఘోరం. అబ్ద్ అంటే బందా, సేవకుడు. అబ్దు, ఆ తర్వాత అల్, ఆ తర్వాత ఖాదిర్. కలిపితే అబ్దుల్ ఖాదిర్. ఆ "ల్" ఖాదిర్‌ది, అబ్ద్‌ది కాదు. "అబ్దుల్" అని ఆపేస్తే "ఆ ఫలానా వారి సేవకుడు" అని మొదలుపెట్టి, ఆ ఫలానా ఎవరో చెప్పకముందే నోరు మూసుకున్నట్టు. రహ్మాన్ విషయంలో అయితే ఆ మాట అసలు పుట్టనే లేదు. అల్‌లోని లామ్ రహ్మాన్‌లోని రేతో కలిసిపోయి అబ్దుర్రహ్మాన్ అవుతుంది. అందులో "అబ్దుల్" ఎక్కడుంది? అయినా హాజరు పట్టీలో అబ్దుల్ ఖాదిర్, అబ్దుర్రహీమ్, అబ్దుల్ వహ్హాబ్ ముగ్గురూ "అబ్దుల్"లే. టీచర్ "అబ్దుల్" అంటే ముగ్గురు పిల్లలు లేస్తారు.

ఇక మిగిలిన ముక్క. దఫ్తర్ అబ్దుల్‌ని ఒక గడిలో వేశాక రెండో గడిలో ఖాలిఖ్, రజ్జాఖ్, రహ్మాన్ మిగులుతాయి. అందరూ ఆ పేరుతో పిలవడం మొదలుపెడతారు. "రజ్జాఖ్ ఇటు రా, ఖాలిఖ్ హోంవర్క్ చేశావా?" రహీమ్, కరీమ్, రషీద్ లాంటి మాటలు మనుషులకూ చెల్లుతాయి. కానీ రహ్మాన్, రజ్జాఖ్, ఖాలిఖ్ అల్లాహ్‌కు మాత్రమే చెందిన నామాలు, వాటిని అబ్ద్ లేకుండా మనిషికి వాడకూడదని చాలామంది ఉలమా చెబుతారు. పేరు బిగడడం గురించి అంత బాధపడే మనం, ఈ మాట దగ్గర మాత్రం నోరు మెదపం. రేషన్ కార్డులో అలాగే పడింది, పాస్‌పోర్టులో అలాగే పడింది, ఇక అంతే అంటాం. సల్లూ దగ్గర వచ్చిన కోపం ఇక్కడ ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

కాగితం కోతకు ఇంకో రకం ఉంది, మొహమ్మద్‌ని Md అని, షేక్‌ని Sk అని రాయడం. ఇందులో అచ్చులన్నీ తీసేసి రెండు హల్లులు మిగిల్చారు. నోరు ఏనాడూ ఇలా కొయ్యదు, ఎందుకంటే అచ్చు లేనిదే ముక్క లేదు, ముక్క లేనిదే బరువు లేదు. ఇది కంటి కోత. అందుకే దాన్ని చదవాల్సి వచ్చినప్పుడు ఎవరూ మాటగా పలకలేరు, "ఎండీ", "ఎస్‌కే" అని అక్షరాల పేర్లు చెబుతారు. హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పేరును రెండు అక్షరాలకు కుదించడం మనలో చాలామందికి మనసు ఒప్పని పని. అయినా మన చేత్తో మనమే రాస్తాం, గడి చిన్నదని.

పేరు తుంచడమే తప్పనే వాళ్లకు ఒక జవాబు హదీసుల్లోనే ఉంది. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)ను హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రేమగా "ఆయిష్" అని పిలిచిన రివాయత్ బుఖారీలో ఉంది, జిబ్రయీల్ సలామ్ అందజేసిన సందర్భంలో. అరబీ నహ్వ్‌లో దీనికి పేరే ఉంది, తర్ఖీమ్. పిలిచేటప్పుడు పేరు చివరను కత్తిరించడం. దానికి ఖాయిదాలు ఉన్నాయి. ఆయిషా, ఫాతిమా లాంటి పేర్ల చివరి తే రాలిపోవచ్చు. మిగతా పేర్లకు మాత్రం మూడు అక్షరాల కంటే ఎక్కువ ఉండాలి. జైద్‌ని కత్తిరించకూడదు, మూడే అక్షరాలు కదా, కత్తిరిస్తే పేరు మిగలదు. మన నోరు "స" ఒక్కటే చాలదని ఎలా అనుకుందో, అరబ్బుల నోరు కూడా ఒక కనీస హద్దు పెట్టుకుంది. మనకూ వాళ్లకూ తేడా ఒకటే. వాళ్లు తోక కోసి మిగిలినదాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తారు. మనం కోసినదాన్ని అచ్చులో పోసి మళ్లీ గుండ్రంగా చేస్తాం.

ఈ తర్ఖీమ్‌లో ఒక అందమైన సంగతి ఉంది. జఅ్‌ఫర్‌ని పిలవాలంటే "యా జఅ్‌ఫ" అనొచ్చు, "యా జఅ్‌ఫు" అనీ అనొచ్చు. మొదటిదాన్ని నహ్వీలు ఎదురుచూసేవాడి భాష అన్నారు, అంటే పోయిన అక్షరం ఇంకా వస్తుందన్నట్టు ఫ మీద పాత అచ్చే ఉంచేవాడు. రెండోది ఎదురుచూడనివాడి భాష. పోయింది పోయింది, మిగిలిందే పూర్తి పేరు అనుకుని దానికి "ఉ" పెట్టేస్తాడు. మనం ఈ రెండో జాతి. సల్లూ అన్నాక సలీమ్‌లోని "ఈమ్" కోసం ఎవరూ ఎదురుచూడరు. ఖాందాన్‌లో సగం మందికి సల్లూ చిచ్చా అసలు పేరు నికానామా చదివే రోజునో, జనాజా ఎలాన్‌లోనో తెలుస్తుంది.

అయితే నానీని మరీ నహ్వీని చెయ్యను. ఆమె కీలు చూసి విరవలేదు, బరువు చూసి విరిచింది. రెండూ ఒకే చోట పడ్డాయి కాబట్టి బద్రూ చక్కగా వచ్చింది. నిజాముద్దీన్ దగ్గర అలా పడలేదు. కీలు దగ్గర విరిస్తే "నిజాము" వస్తుంది, మూడు ముక్కలు, మొదటిది తేలిక. నోటికి నచ్చదు. అందుకే నిజాం అన్న మాటను మధ్యలోనే విరిచి నిజ్జూ చేస్తుంది. అబ్దుర్రజ్జాఖ్‌ని ఆమె రజ్జూ అంటే దాని మీద నా రాయ్ ఇది. రజ్జూలో ఆ నామం మిగలలేదు, మిగిలింది రెండు హల్లుల చప్పుడు. రజ్జాఖ్ అనే పిలుపుతో పోలిస్తే రజ్జూ మేలు. నేను ముఫ్తీని కాను, ఖటకా ఉన్నవాళ్లు ముఫ్తీ సాబ్‌ని అడగొచ్చు. కానీ అడగాల్సిన అవసరమే లేని దారి ఒకటి ఆ పేరులోనే ఉంది.

అబ్దుర్రజ్జాఖ్‌ని కీలు దగ్గర విరవండి. అబ్దు వస్తుంది. అబ్, దు. మొదటిది బరువు, రెండోది ఉతో ముగిసింది. బద్రూ లాంటిదే, ఏ అతుకూ అక్కర్లేని పేరు. దాని అర్థమూ చెడలేదు, బందా బందాగానే ఉన్నాడు. తెలుగులో సబ్బు లాంటి ఏ మాటకూ గుద్దుకోదు. ఈజిప్టులో అబ్దో అనే పిలుపు వీధివీధినా వినిపిస్తుంది. అక్కడి మశ్‌హూర్ ఆలిమ్ ముహమ్మద్ అబ్దుహు (1849–1905) పేరులో ఉన్నదీ ఆ మాటే, "ఆయన బందా" అని. అబ్ద్‌తో మొదలయ్యే ఏ పేరైనా ఇంట్లో అబ్దూ, బళ్లో అబ్దు.

కాగితం మాటకొస్తే, పేరు గడిలో Abdurrazzaq అని, ఖాళీ వదలకుండా, ఒకే మాటగా రాయించండి. ఖాళీ వదిలితేనే మెషీను అయినా గుమాస్తా అయినా అక్కడ కోస్తాడు. ఇంటిపేరు గడిలో షేక్ అనో సయ్యద్ అనో మీ ఖాందాన్ పేరు పూర్తిగా ఉండాలి, Sk అని కాదు. బద్రుద్దీన్‌కూ అంతే, Badruddin ఒకే మాట. పుట్టిన సర్టిఫికెట్‌లో మొదటిసారి ఎలా పడితే ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో సాధారణంగా అలాగే పడుతూ పోతుంది, కాబట్టి ఆసుపత్రిలో ఆ ఫారం నింపే రోజున అబ్బా పక్కనే నిలబడి అక్షరం అక్షరం చూసుకోవాలి. నానీ అప్పటికే పిల్లవాణ్ని ఏదో ఒకటి పిలవడం మొదలుపెట్టి ఉంటుంది, ఆమెను పిలవనివ్వండి.